శాంపిల్ పాజిటివ్ వస్తే తేలిపోయినట్టేనా?

"పాజిటివ్ అని ల్యాబే చెప్పాక ఇంకా ‘ఆరోపణ’ ఏమిటి? సస్పెండ్ చేశారంటే తేలిపోయినట్టే. ఫిక్సింగ్ అయినా ఇంతే, నిప్పు లేనిదే పొగ రాదు. పేరున్నవాళ్లు కాబట్టే పత్రికలు నసుగుతున్నాయి. తప్పని తేలితే అప్పుడు సవరణ వేసుకోవచ్చు."

డోపింగ్ వార్త వచ్చిన ప్రతిసారీ కొద్దిపాటి మార్పులతో ఫోన్లలో తిరిగే పోస్టు ఇది. ఒక్కో మాటా చూద్దాం.

ముందు ల్యాబ్ సంగతి. డోప్ పరీక్షలో మూత్రాన్ని రెండు సీసాల్లో పోస్తారు. పోసేదీ మూత బిగించేదీ క్రీడాకారులే. బిగించిన మూత పగలగొడితే తప్ప రాదు. ఒక సీసా ‘ఎ’, రెండోది ‘బి’. రెండింటి మీదా ఒకే కోడ్ సంఖ్య ఉంటుంది. ల్యాబ్‌కు వెళ్లే కాగితాల్లో పేరుండదు. కాబట్టి ల్యాబ్ చెప్పేది "ఫలానా సంఖ్య ఉన్న సీసాలో ఫలానా పదార్థం కనిపించింది" అని మాత్రమే. ఆ సంఖ్య ఎవరిదో చూడటం, వాళ్లకు వైద్య కారణాలతో ముందే ఇచ్చిన మినహాయింపు ఉందేమో చూడటం, సేకరణలోనూ పరీక్షలోనూ పద్ధతి తప్పిందేమో చూడటం, ఇదంతా పరీక్ష చేయించిన సంస్థ పని. ఆ తర్వాతే క్రీడాకారులకు ఉత్తరం వెళ్తుంది. వాళ్లు కోరితే ‘బి’ సీసా తెరుస్తారు. తెరిచేటప్పుడు దగ్గర ఉండి చూసే హక్కు వాళ్లకు ఉంది. ‘బి’లో ఆ పదార్థం లేకపోతే కేసు అక్కడితో ఆగిపోతుంది.

ఈ దారిలో ఎక్కడ ఏం జరగొచ్చో మణిపూర్ వెయిట్‌లిఫ్టర్ సంజితా చాను కేసు చూస్తే తెలుస్తుంది. 2017 నవంబరులో ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం అమెరికా వెళ్లినప్పుడు పోటీకి ముందే ఆమె శాంపిల్ తీసుకున్నారు. 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో ఆమె స్వర్ణం గెలిచింది. ఆ తర్వాత, మేలో, నవంబరు శాంపిల్‌లో టెస్టోస్టిరాన్ అనే నిషేధిత స్టెరాయిడ్ దొరికిందని అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య ప్రకటించి తాత్కాలికంగా సస్పెండ్ చేసింది. శాంపిల్ తీయడానికీ కబురు రావడానికీ మధ్య దాదాపు ఆరు నెలలు. మన దగ్గర శీర్షికలన్నీ ‘కామన్వెల్త్ స్వర్ణ విజేత డోపింగ్‌లో దొరికింది’ అనే ధోరణిలోనే వచ్చాయి. చదివినవాళ్లలో చాలామంది ఆ పతకం మందు మింగి గెలిచిందనుకున్నారు. శాంపిల్ ఎప్పుడు, ఎక్కడ తీశారన్నది మూడో పేరాలో ఉంటే ఎవరు చూస్తారు?

అసలు చిక్కు తర్వాత బయటపడింది. సమాఖ్య పంపిన కాగితాల్లో శాంపిల్ సంఖ్య ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి ఉంది. రాతకోతల్లో జరిగిన పొరపాటేనని సమాఖ్య ఒప్పుకుంది, కానీ ఫలితం మారదంది. సెప్టెంబరులో ‘బి’ సీసా కూడా పాజిటివ్ అని వార్త వచ్చింది. ఆ పోస్టు రాసినవాళ్ల లెక్కలో ఇక అనుమానానికి చోటే లేదు. అయినా 2019 జనవరిలో తాత్కాలిక సస్పెన్షన్ ఎత్తేశారు. 2020 జూన్‌లో సమాఖ్య కేసునే మూసేసింది. శాంపిల్ విశ్లేషణ నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం జరగలేదు కాబట్టి కేసు వదిలేయమని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడాయే సూచించింది. రెండు సీసాలూ పాజిటివ్ వచ్చిన కేసు ఇది. నిలబడనిది పరీక్ష జరిగిన తీరు.

ల్యాబులు తప్పు చేయవనుకునేవాళ్లకు ఇంకో విషయం. ఢిల్లీలోని మన జాతీయ డోప్ పరీక్షా ల్యాబ్ గుర్తింపునే వాడా 2019 ఆగస్టులో సస్పెండ్ చేసింది. అది తిరిగి వచ్చింది 2021 డిసెంబరులో. ఆ మధ్యకాలంలో మన శాంపిళ్లు విదేశాలకు వెళ్లాయి.

పోస్టులో సగం నిజం ఒకటుంది, దాన్ని కాదనను. ‘బి’ కూడా పాజిటివ్ వచ్చి, పరీక్షలో లోపం లేదని తేలితే, ఆ పదార్థం ఒంట్లో ఉండటమే ఉల్లంఘన. ‘నాకు తెలియకుండా వచ్చింది’ అంటే ఉల్లంఘన రద్దు కాదు. అది శిక్ష ఎంతన్న దగ్గర పనికొస్తుంది. అందుకే ‘మోసం చేసింది’, ‘కావాలనే వాడాడు’ అని రాయాలంటే విచారణ ప్యానెల్ ఆ సంగతి తేల్చి ఉండాలి. ల్యాబ్ కాగితంలో ఆ ముక్క ఎక్కడా ఉండదు.

సస్పెన్షన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తాత్కాలిక సస్పెన్షన్ అనేది కేసు విచారణకు ముందు రిమాండుకు పంపడం లాంటిది. స్టెరాయిడ్ల వంటి పదార్థాలు దొరికితే వేసి తీరాలని నియమం, అక్కడ అధికారులకు ఎంచుకునే వీలు లేదు. చివరికి నిషేధం పడితే ఈ కాలాన్ని అందులో కలుపుకుంటారు. ‘వేటు పడింది’ అని మనం అలవాటుగా కొట్టే శీర్షిక, తాత్కాలిక సస్పెన్షన్ రోజున తప్పు, నిషేధం రోజున ఒప్పు.

ఫిక్సింగ్ దగ్గర పొగ గురించి మాట్లాడేవాళ్లకు ఉప్పల్ మ్యాచ్ ఒకటి గుర్తు చేయాలి. 2018 ఏప్రిల్ 26న సన్‌రైజర్స్ 132 పరుగులే చేసి, పంజాబ్‌ను 13 పరుగుల తేడాతో ఓడించింది. అప్పుడు మన జట్టులో ఉన్న షకీబ్ అల్ హసన్‌ను 2019 అక్టోబరులో ఐసీసీ రెండేళ్లు నిషేధించింది, అందులో ఒక ఏడాది నిలుపుదలలో పెట్టింది. ఐసీసీ చూపిన మూడు అభియోగాల్లో ఒకటి ఈ మ్యాచ్‌కు సంబంధించినదే. ఆ మర్నాటి నుంచే ‘ఉప్పల్ మ్యాచ్ ఫిక్స్ అయిందట’ అని పోస్టులు. అభియోగం చదివితే ఉన్నది వేరు. బుకీ నుంచి సంప్రదింపు వచ్చిందని షకీబ్ అవినీతి నిరోధక విభాగానికి చెప్పలేదు. చెప్పకపోవడమే నేరం, దాన్ని అతను ఒప్పుకున్నాడు. మ్యాచ్‌ను తారుమారు చేశాడని ఐసీసీ అభియోగం మోపలేదు. ఆ రోజు ఆడిన మిగతా 21 మంది మీదా ఈ ‘అట’ బురద పడింది.

డోపింగ్‌లో సీసా అయినా ఉంది. ఫిక్సింగ్‌లో ఉండేవి ఫోన్ సందేశాలు, బ్యాంకు లావాదేవీలు, ఎవరో ఇచ్చిన వాంగ్మూలం. కాబట్టి ఏ నిబంధన కింద, ఏ మ్యాచ్‌కు, ఏ అభియోగం మోపారో ప్రకటనలోంచి ఉన్నదున్నట్టు తీసుకోవడం తప్ప విలేకరికి వేరే దారి లేదు. ‘అట’, ‘ఆరోపణలు వినిపిస్తున్నాయి’ అని తగిలిస్తే చట్టం నుంచి తప్పించుకోవచ్చని కొందరి నమ్మకం. ఇంకొకరి నింద మోసుకొచ్చి అచ్చేసినా పరువు నష్టం కేసులో అచ్చేసినవాళ్లూ జవాబు చెప్పుకోవాల్సిందే.

ఇక పేరున్నవాళ్లను పత్రికలు వెనకేసుకొస్తున్నాయన్న మాట. జాగ్రత్తగా రాయడమంటే ఆటగాడి పక్షం రాయడం కాదని నేనంటే నమ్మకపోవచ్చు, అందుకే నర్సింగ్ యాదవ్ సంగతి. 2016 రియో ఒలింపిక్స్‌కు నెల ముందు ఈ మల్లయోధుడి శాంపిళ్లలో మెథాన్‌డీనోన్ అనే స్టెరాయిడ్ దొరికింది. తన ఆహారంలో ఎవరో కలిపారని అతనన్నాడు. ఆగస్టు 1న మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా ప్యానెల్ అతని మాట నమ్మి వదిలేసింది. ‘నిర్దోషి’, ‘కుట్ర తేలింది’ అని పత్రికలూ టీవీలూ ఊదరగొట్టాయి. వాడా అప్పీలు చేసింది. ఆగస్టు 18న, కుస్తీ గోదాలోకి దిగాల్సిన ముందు రోజు, క్రీడా వివాదాల కోర్టు అతన్ని నాలుగేళ్లు నిషేధించింది. కుట్రకు నిజమైన ఆధారమేదీ చూపలేదంది.

ఆగస్టు 1 నాటి వార్తలో ఉండాల్సిన వాక్యం చిన్నది: ‘ఈ నిర్ణయంపై వాడా అప్పీలుకు వెళ్లవచ్చు.’ అది లేకపోవడంతో పద్దెనిమిది రోజుల్లో అవే పత్రికలు అవే అక్షరాలతో తిరగరాసుకోవాల్సి వచ్చింది. ఇంకా చెడ్డ సంగతి ఏమిటంటే, ఆహారంలో కలిపింది ఫలానా కుర్రాడని నర్సింగ్ వర్గం వేలెత్తి చూపగానే ఆ పేరూ, అతని కుటుంబ వివరాలూ కొన్ని చోట్ల వచ్చేశాయి. ఆ కుర్రాడి మీద అప్పటికి ఉన్నది ఫిర్యాదు మాత్రమే. పెద్ద ఆటగాడి వాదన రాయాలి, తప్పదు. కానీ ఆ వాదనలో వచ్చిన మూడో మనిషి పేరు రాయాల్సిన అవసరం లేదు.

సవరణ వేసుకోవచ్చనేది నన్ను బాగా చిరాకు పెట్టే మాట. సంజిత 2018 ఆసియా క్రీడలకు వెళ్లలేకపోయింది. 2020 జూన్‌లో సమాఖ్య కేసు మూసేసిన వార్త, దేశమంతా కరోనా తప్ప వేరే ఏదీ చదవని రోజుల్లో వచ్చింది. మొదటి పేజీలో వచ్చిన మచ్చకు లోపలి పేజీలో సింగిల్ కాలమ్ సరిపోతుందా?

ఇక్కడ కొందరు వెంటనే అందుకుంటారు: ఆమె మళ్లీ దొరికింది కదా అని. నిజమే. 2022 సెప్టెంబరులో గుజరాత్ జాతీయ క్రీడల్లో తీసిన శాంపిల్‌లో డ్రోస్టనోలోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది. 2023లో నాడా ప్యానెల్ నాలుగేళ్లు నిషేధించింది. ఆ రోజు నసగాల్సిన పని లేదు, ‘డోపింగ్ కేసులో సంజితా చానుపై నాలుగేళ్ల నిషేధం’ అని సూటిగా రాయాలి, అప్పీలుకు వీలుందని కింద ఒక వాక్యం చేర్చాలి. 2018 కేసు ప్రస్తావన వస్తే ‘గతంలోనూ డోపింగ్‌లో దొరికిన’ అని కాకుండా, ‘విశ్లేషణలో లోపాల వల్ల 2020లో మూసేసిన కేసు’ అని రాయాలి. ఎందుకంటే 2022 సీసా 2017 సీసాకు సాక్ష్యం కాదు.

తేలకముందు ఏం రాయొచ్చని అడిగితే, చాలా రాయొచ్చు. శాంపిల్ తేదీ, చోటు, తీసిన సంస్థ, పదార్థం పేరు, ‘ఎ’ ఒక్కటే తెరిచారా ‘బి’ కూడానా, తాత్కాలిక సస్పెన్షనా నిషేధమా, క్రీడాకారుల జవాబు, తర్వాతి అంచె ఏది. 2018 మేలో రాయాల్సిన మొదటి వాక్యం ఇలా ఉంటే సరిపోయేది: ‘కామన్వెల్త్ క్రీడలకు ముందు, గత నవంబరులో అమెరికాలో ఇచ్చిన ‘ఎ’ శాంపిల్‌లో టెస్టోస్టిరాన్ కనిపించడంతో వెయిట్‌లిఫ్టర్ సంజితా చానును అంతర్జాతీయ సమాఖ్య తాత్కాలికంగా సస్పెండ్ చేసింది, ‘బి’ శాంపిల్ పరీక్ష కోరే హక్కు ఆమెకు ఉంది.’ ఇందులో దాచిందేమీ లేదు, 2020లో వెనక్కి తీసుకోవాల్సిందీ ఏమీ లేదు.