సగటు వేగం మీద సవారీ

పర్లాకిమిడి నుంచి మా పెద్దమ్మగారి ఊరికి రెండు దారులున్నాయి. మహేంద్రతనయ ఏటిని ఆనుకొని పోయే చదును రోడ్డు పద్దెనిమిది కిలోమీటర్లు. కొండ మీదుగా పోయే ఘాటీ రోడ్డు పన్నెండు. ఘాటీ మొదట్లోని రాతి మీద ఒడియా అంకెల్లో దూరం చెక్కి ఉంటుంది గాని, ఎంత ఎత్తు ఎక్కాలో అందులో ఉండదు.

లెక్కల మాస్టారైన మా మావయ్యకు ఆ రాయి చెప్పినది చాలు. పెద్దమ్మగారింట భోజనానికి పిలుపు వచ్చినప్పుడు ఆయన మా నాన్నగారితో పందెం వేశారు. ఇద్దరూ ఉదయం ఏడు గంటలకు సైకిళ్ల మీద బయలుదేరాలి. ఓడినవారు పనసకాయ కొట్టాలి. చేతులకు నూనె రాసుకున్నా వదలని ఆ జిగురు సంగతి తెలిసినవారెవరూ ఈ షరతును తేలికగా తీసుకోరు.

మావయ్య లెక్క వినడానికి మహా ముచ్చటగా ఉంది. ఘాటీ దారిలో అయిదు కిలోమీటర్లు ఎక్కుడు, అయిదు దిగుడు, చివర రెండు చదును. గేర్లు లేని సైకిలు గనుక ఎక్కుడంతా దిగి తోయవలసిందే, అది గంటకు నాలుగు కిలోమీటర్లు. దిగుడులో గంటకు ఇరవై. రెండూ కూడి సగం చేస్తే పన్నెండు, అంటే చదును దారిలో నాన్నగారు తొక్కే వేగమే. వేగం ఒక్కటే అయి దూరం ఆరు కిలోమీటర్లు తక్కువైనప్పుడు తాను ఎనిమిదింటికే చేరతాననీ, నాన్నగారు ఎనిమిదిన్నరకు వస్తారనీ తేల్చేశారు. గెలుపు మీద అంత నమ్మకం ఉండబట్టే కాబోలు, నాన్నగారు కొట్టవలసిన పనసకాయను తన క్యారియరుకే పాత ట్యూబు ముక్కతో కట్టుకున్నారు.

నాన్నగారు చెప్పినట్టే ఎనిమిదిన్నరకు వచ్చి, కాళ్లు కడుక్కొని, అరుగు మీద కూర్చున్నారు. మావయ్య తొమ్మిదింబావుకు వీధి మలుపులో కనిపించారు, సైకిలును నడిపించుకుంటూ. పనసకాయ రెండు చెక్కలై, ఆయన తువ్వాలులో మూటగా హ్యాండిలుకు వేలాడుతోంది.

ఆయన చెప్పిన ప్రకారం తప్పంతా బ్రేకుది. అది రాడ్ బ్రేకుల సైకిలు. బ్రేకు రబ్బరు కూర్చునే ఇనుప గూటికి ఒక కొస మూసి, మరో కొస తెరిచి ఉంటుంది. మూసిన కొస చక్రం తిరిగే దిశలో ఉండాలి. లేకపోతే బ్రేకు పట్టినప్పుడు రిమ్ము రబ్బరును గూట్లోంచి బయటికి ఈడ్చేస్తుంది. ముందురోజు సాయంత్రం ముందు చక్రానికి కొత్త రబ్బర్లు వేసినవారు ఆ గూళ్లను తిరగేసి బిగించారు. ఆ వేసినవారెవరని పెద్దమ్మ రెండుసార్లు అడిగినా మావయ్యకు వినబడలేదు.

దిగుడులో మూడు కిలోమీటర్లు దర్జాగా వచ్చాక, ఒక మలుపులో గట్టిగా బ్రేకు పట్టేసరికి రబ్బరు ఎగిరి లోయలో పడింది. వెనక బ్రేకు ఒక్కదానితో, కాళ్లు నేలకు రాసుకుంటూ ఎలాగో బండిని ఆపారు గాని, ఆ కుదుపుకు ట్యూబు ముక్క తెగి పనసకాయ తన దారిన తాను దొర్లిపోయింది. దాన్ని వెదికి తెచ్చుకొని, మిగతా దారంతా, సంతకు కావిళ్లతో దిగుతున్న సవర రైతుల వెనకాలే నడిచి వచ్చారు. వాళ్లు బరువులతో ఉన్నా తన కంటే ముందు వెళ్లిపోయారని ఆయనే ఒప్పుకున్నారు.

“బ్రేకు నిలిచి ఉంటే నేనే గెలిచేవాణ్ణి బావగారూ!” అన్నారు మావయ్య.

నాన్నగారు సుద్దముక్క తెప్పించి అరుగు మీద రాశారు. “అయిదు కిలోమీటర్లు తోయడానికి మీకు ఎంతసేపు పట్టింది?”

“గంటంబావు.”

“చివరి రెండు కిలోమీటర్ల చదునుకు పది నిమిషాలు వేసుకుందాం. ఎనిమిదిన్నరకు నాతో సమంగా రావాలంటే దిగుడుకు మిగిలినది అయిదు నిమిషాలు. అంటే గంటకు అరవై కిలోమీటర్లు. ఆ మలుపుల్లో, ఆ సైకిలు మీద, పనసకాయతో! మీరన్న ఇరవై ప్రకారమే దిగినా దానికి పావుగంట పట్టి, ఎనిమిది నలభైకి వచ్చేవారు.”

మావయ్య అరుగు దగ్గరకు వంగి ఆ అంకెలను చాలాసేపు చూశారు. నాలుగు, ఇరవై కలిపి సగం చేస్తే పన్నెండు కావడంలో ఏ పొరపాటూ దొరకలేదు. దొరికినది ఇంకొకటి: నాలుగు వేగంతో ఆయన గంటంబావు గడపవలసి ఉండగా, ఇరవై వేగంతో గడిపేది పావుగంట మాత్రమే. రెండింటికీ సమాన వాటా ఇవ్వాలంటే రెండు వేగాలతోనూ సమానమైన సమయం గడపాలి. అలా చూస్తే ఆ పది కిలోమీటర్లకూ కలిసి సగటు వేగం గంటకు ఏడు కిలోమీటర్లైనా రావడం లేదు. పరీక్ష పేపర్లలో ఇదే తప్పుకు ఎందరు పిల్లలకు సున్నాలు వేశారో ఆయనకే తెలియాలి.

ఆయన లేచి, పంచె దులుపుకొని, షరతు ప్రకారం పనసకాయ కొట్టడం ఘాటీలోనే పూర్తయింది గనుక పందెం చెల్లిపోయినట్టేనని ప్రకటించారు.

“పగలడం పగిలింది లేరా తమ్ముడూ,” అంటూ పెద్దమ్మ కత్తిపీటా నూనెగిన్నే తెచ్చి ఆయన ముందు పెట్టింది. “పొట్టు ఎవరు కొడతారు?”