ఆన్సర్ కీ గారికి, భీమవరం నుంచి

మహారాజశ్రీ ఆన్సర్ కీ గారికి,

భీమవరంలో ఫిజిక్స్ చెప్పుకుని బతికే ఒక లెక్చరర్ నమస్కరించి రాయునది. నిన్న మధ్యాహ్నమంతా తమరి ఆఫీసు ఫోనుకే అంకితమైపోయింది. చివరికి ఎవరో ఎత్తి "కీ ఫైనలండీ" అని పెట్టేశారు. ఫైనలే, కాదనను. తప్పు కూడా.

ప్రశ్న తమరిదే. గైగర్ కౌంటర్ ముందు శాంపిల్ పెడితే మొదట నిమిషానికి 660 కౌంట్లు, 30 నిమిషాల తర్వాత 135. బ్యాక్‌గ్రౌండ్ 60. అర్ధజీవితకాలం ఎంత? తమరు 660ని 135తో భాగించి, లాగరిథమ్ వేసి, 13.1 నిమిషాలని తేల్చారు. మా కుర్రాడు 10 అని పెట్టాడు. వాడికి నెగెటివ్ మార్కు.

ఆ 60 ఎందుకిచ్చారండీ, అలంకారానికా? శాంపిల్‌ని పక్క ఊరు పంపేసినా కౌంటర్ టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. పైనుంచి పడే కాస్మిక్ కిరణాలు, గోడల్లోని థోరియం, గాల్లోని రేడాన్, వీటన్నిటి లెక్క అది. రెండు రీడింగుల్లోంచీ 60 తీసేస్తే మిగిలేది 600, 75. సరిగ్గా ఎనిమిదో వంతు, అంటే మూడుసార్లు సగమైంది. 30 నిమిషాల్లో మూడుసార్లంటే ఒక్కోసారికి 10. నోటిలెక్క! ప్రశ్న రాసినాయన పాపం ఇంత చక్కగా అమర్చిపెడితే, తమరు లాగ్ టేబుల్ తెచ్చి మరీ చెడగొట్టారు.

కుర్రాడి నాన్నకి రొయ్యల చెరువులు. సంగతి చెబితే "ఆయ్, ట్రే బరువు తియ్యకుండా కాటా వేసేశారేటండీ?" అన్నాడు.

పోనీ తమరి పద్ధతిలోనే ఇంకాసేపు ఆగుదాం. రెండు గంటలకి శాంపిల్ పని దాదాపు అయిపోతుంది, కౌంటర్ మాత్రం 60 దగ్గర కొట్టుకుంటూ ఉంటుంది. తమరి సూత్రంలో వేస్తే అర్ధజీవితకాలం 35 నిమిషాలు! నాలుగు గంటలాగితే 69. చూసేకొద్దీ ఆయుష్షు పెరిగే పదార్థం ఎక్కడైనా ఉందా? లాగ్ గ్రాఫ్ ఒక్కటి గీసి ఉంటే దొరికిపోయేవారు. తిన్నగా దిగాల్సిన గీత పోనుపోను వంగి 60 మీద పడుకుంటుంది. ఆ 60 కూడా ఒక నిమిషం 52 అవుతుంది, ఇంకో నిమిషం 68 అవుతుంది. అందుకే ల్యాబులో బ్యాక్‌గ్రౌండ్‌ని చాలాసేపు లెక్కపెట్టి సగటు తీస్తారు. తమరికి సగటు కూడా తీసి చేతికిచ్చారు, అయినా వాడలేదు.

అన్నట్టు హీలియం ప్రశ్నలోనూ ఇదే వరస. ప్రోటాన్లు, న్యూట్రాన్ల ద్రవ్యరాశి కూడి, అందులోంచి కేంద్రకానిది కాకుండా మొత్తం పరమాణువుది తీసేశారు. రెండు ఎలక్ట్రాన్లు లోపలే ఉండిపోయి, 28.3 రావాల్సిన బంధనశక్తి 27.3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులకి దిగింది.

మర్యాద ఇంతవరకే. డబ్బు కట్టించుకుని పరీక్ష పెట్టేవాళ్లకి తీసివేత రాకపోతే ఎలాగయ్యా? ముందు ఆ పిల్లాడి మార్కులు వాడికి వెయ్యండి. హీలియం సంగతి సోమవారం ఫోన్ చేసి మాట్లాడతాను.