పదో తరగతి తర్వాత సైన్సా, కామర్సా? ముందు తేలాల్సింది లెక్కల సంగతి

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే బెంగళూరులోని తెలుగు ఇళ్లలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "ఏం చదవాలో దానికే ఇంకా తెలియదు. ఇప్పటికి సైన్స్‌లో వేసేద్దాం. కావాలంటే తర్వాత కామర్స్‌కి మారొచ్చు, అటు నుంచి ఇటు రావడం కుదరదు కదా!" మాటలో నిజముంది. సెకండ్ పీయూ, అంటే ఇక్కడి ఇంటర్ రెండో ఏడు, సైన్స్‌లో పాసైన విద్యార్థి బీకాంలో చేరొచ్చు, సీఏ ఫౌండేషన్ రాయొచ్చు, క్లాట్ రాసి లా చదవొచ్చు. కామర్స్ చదివిన విద్యార్థికి ఇంజనీరింగ్, మెడిసిన్, వెటర్నరీ, ఫిజిక్స్ డిగ్రీ అందవు. అంతవరకూ ఒప్పుకోవాల్సిందే. అయితే అలా మారడానికి ఎంత ఖర్చవుతుందో ఎవరూ లెక్క కట్టడం లేదు. ఆ లెక్క కట్టి చూస్తే, ఏదీ తేల్చుకోలేని పిల్లలకు "తెలియదు కాబట్టి సైన్స్" అన్నది చాలాసార్లు తప్పు సలహా అనే నేనంటాను.

ముందు ఇక్కడి గ్రూపుల పేర్లు చూద్దాం. కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు వీటి దగ్గరే తికమకపడతారు. మన దగ్గర ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, ఎంఈసీ అని ఉన్నట్టే కర్ణాటక పీయూలో సైన్స్‌కి పీసీఎంబీ, పీసీఎంసీ, కామర్స్‌కి హెచ్‌ఈబీఏ, సీఈబీఏ, ఎస్‌ఈబీఏ, ఎంఈబీఏ అని ఉంటాయి. రెండు భాషలు, నాలుగు సబ్జెక్టులు, మొత్తం 600 మార్కులు. ఈ కామర్స్ గ్రూపుల్లో ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్, అకౌంటెన్సీ మారవు. నాలుగోది చరిత్ర, కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్, గణితం వీటిలో ఏదో ఒకటి. రెండేళ్ల తర్వాత పిల్లల ముందు ఏ దారులు మిగులుతాయో చాలావరకు తేల్చేది ఈ నాలుగో సబ్జెక్టే. అడ్మిషన్ కౌంటర్ దగ్గర అందరికంటే తక్కువ ఆలోచించేదీ దాని గురించే.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. కేఆర్ పురంలో ఉంటారు, సొంతూరు అనంతపురం వైపు. అమ్మాయికి పదిలో లెక్కలు 84, సైన్స్ 81, సోషల్ 93, ఇంగ్లిష్ 90 వచ్చాయి. ఏమవ్వాలనుందని అడిగితే నవ్వి ఊరుకుంటుంది. డాక్టరైనా ఇంజనీరైనా అవ్వొచ్చని నాన్న పీసీఎంబీ ఇప్పించాడు, దానికి తోడు ఇంటిగ్రేటెడ్ కోచింగ్. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. అటు మెడిసిన్‌కి నీట్, ఇటు ఇంజనీరింగ్‌కి కేసెట్. బయాలజీ కూడా ఉంది కాబట్టి లెక్కలకు, ఫిజిక్స్‌కు దొరికే సమయం తగ్గుతుంది. మనసు ఎటూ లేని పిల్లకు రెండు పోటీ పరీక్షల బరువు ఒకేసారి నెత్తిన పెట్టినట్టే.

సెకండ్ పీయూలో ఆ అమ్మాయికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 300కి 198 వచ్చాయనుకుందాం, అంటే 66 శాతం. కేసెట్‌లో ఈ మూడు సబ్జెక్టులకు ఒక్కోదానికి 60 చొప్పున 180 ప్రశ్నలుంటాయి. వాటిలో 54 సరిగ్గా పెట్టింది, అంటే 30 శాతం. ఇంజనీరింగ్ ర్యాంకుకు బోర్డు మార్కులు సగం, కేసెట్ సగం తీసుకుంటారు కాబట్టి ఆమె లెక్క 48 దగ్గర తేలుతుంది. అర్హత ఉంటుంది. ఫీజు తక్కువుండి, పేరున్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు మాత్రం రాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది, మనవాళ్లలో చాలామంది దీన్ని సెకండ్ పీయూలో గానీ గమనించరు. కేసెట్ ప్రభుత్వ కోటా సీటుకు సాధారణంగా ఒకటో తరగతి నుంచి సెకండ్ పీయూ లోపల కనీసం ఏడేళ్లు కర్ణాటకలో చదివి ఉండాలి. ఈ అమ్మాయి ఏడో తరగతిలో బెంగళూరు వచ్చింది. ఏడు నుంచి పన్నెండు దాకా ఆరేళ్లే అవుతాయి. వేరే నిబంధన ఏదైనా వర్తిస్తే తప్ప ఆ కోటా ఆమెకు లేదు. ఇక మిగిలేవి ప్రైవేటు కాలేజీల కోసం దేశమంతా పోటీపడే కామెడ్‌కే పరీక్ష, లేదంటే మేనేజ్‌మెంట్ సీటు. రెండింటిలోనూ ఫీజులు ఎక్కువ. "సైన్స్ తీసుకుంటే ఇంజనీరింగ్ ఎటూ ఉంటుంది" అని ధైర్యం చెప్పుకునే ముందు ప్రతి ఇంట్లో ఈ ఏడేళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి.

ఇప్పుడు కామర్స్‌కి మారుదామని ఇంట్లో అనుకున్నారు. పేరున్న కాలేజీలో బీకాం సీటుకు పీయూ మార్కులు చూస్తారు. అకౌంటెన్సీ గ్రూపులో చదివి తొంభై దాటినవాళ్లతో, సైన్స్‌లో అరవై ఎనిమిదో డెబ్బయ్యో తెచ్చుకున్న ఈమె పోటీపడాలి. సీటు దొరికినా, తోటివాళ్లు రెండేళ్లు చేసిన డెబిట్, క్రెడిట్ ఆమె అక్షరాల దగ్గర నుంచి నేర్చుకోవాలి. సీఏ ఫౌండేషన్ రాద్దామంటే నాలుగు పేపర్లలో మొదటిదే అకౌంటింగ్. ఒక్కో పేపర్లో 40, మొత్తం 400కి 200 రావాలి. నేర్చుకోలేనిదేమీ కాదు, ఏటా సైన్స్ పిల్లలు ఎందరో నేర్చుకుంటున్నారు. కానీ తలుపు తెరిచే ఉంటుందన్నవాళ్లు ఆ తలుపు దాకా వెళ్లేసరికి పిల్ల మార్కులూ ధైర్యమూ ఎంత తగ్గి ఉంటాయో చెప్పరు. నాకు బాధ కలిగించేది ఇదే. పదిలో సోషల్‌లో 93 తెచ్చుకున్న పిల్ల, తను మొద్దునని నమ్ముతూ పీయూ ముగిస్తుంది.

అదే అమ్మాయి కామర్స్ తీసుకుని అందులో గణితం ఉంచుకుంటే? ఇంజనీరింగ్, మెడిసిన్ పోతాయి, అది నిజమైన నష్టమే. మిగతావన్నీ ఉంటాయి. సీఏ ఫౌండేషన్ మూడో పేపర్ క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, తప్పు జవాబుకు పావు మార్కు కోత. లెక్కలు వదిలేసిన కామర్స్ పిల్లలు చాలామంది ఇబ్బంది పడేది అక్కడే, ఈమెకు ఆ భయం ఉండదు. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కు పన్నెండులో గణితం అడుగుతారు. ఇక్కడే మైసూరు రోడ్డు మీదున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీమ్యాథ్ ఉంది. దాని ప్రవేశ పరీక్ష కష్టమైనదే, కానీ అర్హతకు కావాల్సింది పన్నెండులో గణితం, ఇంగ్లిష్. ఫిజిక్స్ అడగరు. సాఫ్ట్‌వేర్ దారి కూడా మూసుకుపోదు. బీసీఏ చేసి ఎంసీఏకి వెళ్లొచ్చు. బీకాం చేసినా పన్నెండులోనో డిగ్రీలోనో గణితం ఉంటే ఎంసీఏ అర్హతకు ఆ లెక్కలు పనికొస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఎంఈబీఏ అన్నప్పుడు అందులో ఎం అంటే ఏ గణితమో కాలేజీని అడిగి తెలుసుకోవాలి. పీయూలో మ్యాథమెటిక్స్ వేరు, బేసిక్ మ్యాథ్స్ వేరు. సైన్స్ పిల్లలు చదివేది మొదటిది. రెండోది తేలిక, వ్యాపార లెక్కలు ఎక్కువ. సీబీఎస్‌ఈలోనూ మ్యాథమెటిక్స్, అప్లైడ్ మ్యాథమెటిక్స్ అని రెండున్నాయి. తేలికైనదాన్ని అన్నిచోట్లా గణితంగా ఒప్పుకోరు. చెన్నైలో ఉన్న మనవాళ్లకూ ఇదే మాట. అక్కడి కామర్స్ గ్రూపులో ఉండే బిజినెస్ మ్యాథ్స్‌ను చూసి లెక్కలు ఉన్నాయిలే అనుకోకూడదు. తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ కటాఫ్‌లో వంద మార్కులకు లెక్కించేది సైన్స్ గ్రూపు గణితాన్ని. మిగతా వంద ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరి యాభై.

మరి సైన్స్ ఎవరు తీసుకోవాలి? "తెలియదు" అనే పిల్లల్లో రెండు రకాలుంటారు. ఒకరికి ఫిజిక్సూ నచ్చుతుంది, ఎకనామిక్సూ నచ్చుతుంది, తేల్చుకోలేరు. వాళ్లు నిస్సంకోచంగా సైన్స్ తీసుకోవచ్చు, అందులోనూ డాక్టరు చదువు మీద ధ్యాస లేకపోతే బయాలజీ బదులు కంప్యూటర్ సైన్స్ ఉన్న పీసీఎంసీ మేలు. రెండో రకానికి దేని మీదా ప్రత్యేకంగా మనసు లేదు. వీళ్ల విషయంలో దూరాన ఉన్న ఉద్యోగాల కంటే దగ్గరున్న రెండేళ్లను చూడాలి. పిల్ల ఏ రకమో మార్కుల షీటు చెప్పదు. పదో తరగతి సైన్స్‌లో 81 బాగా చదివి గుర్తుపెట్టుకుంటే వస్తాయి, పదకొండులో ఫిజిక్స్ మొదలవుతూనే వెక్టార్లు, కొద్దిపాటి కాలిక్యులస్ అడుగుతుంది.

సెలవుల్లో ఇంట్లోనే చూడగలిగిన మార్గం ఒకటుంది. పదకొండో తరగతి ఎన్సీఈఆర్టీ ఫిజిక్స్ పుస్తకంలో సరళరేఖా చలనం పాఠం తీసి ఈ ప్రశ్న ఇవ్వండి: సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి, పైన ఒక్క క్షణం ఆగినప్పుడు దాని త్వరణం ఎంత? చాలామంది సున్నా అంటారు. వేగం సున్నా, త్వరణం మాత్రం కిందికి 9.8, విసిరినప్పుడు ఎంతో పైనా అంతే. పిల్ల జవాబు తప్పు చెప్పిందా అన్నది ముఖ్యం కాదు. సరైన జవాబు చూశాక "ఆగిపోయింది కదా, మరి త్వరణం ఎలా ఉంటుంది?" అని వాదిస్తుందా, లేక "ఓ, 9.8 ఆ" అని రాసుకుని పేజీ తిప్పేస్తుందా గమనించండి.

మర్నాడు అకౌంటెన్సీ పుస్తకం తీయండి. ట్రయల్ బ్యాలెన్స్‌లో డెబిట్ వైపుకు, క్రెడిట్ వైపుకు 900 రూపాయల తేడా ఉన్న లెక్క ఒకటి ఇవ్వండి. తేడా తొమ్మిదితో భాగం పోతే అంకెలు తారుమారై ఉండొచ్చని గుమాస్తాలకు పాత ఒడుపు ఒకటుంది. 5,400ని ఎక్కడో 4,500 అని ఎక్కిస్తే సరిగ్గా 900 తేడా వస్తుంది. అది కాకపోతే, తేడాలో సగం, 450 రూపాయల పద్దు ఏదైనా తప్పు వైపు పడిందేమో వెతకాలి. ఆ తప్పు దొరికేదాకా లేవకుండా కూర్చునే పిల్లలుంటారు, పది నిమిషాలకే విసుగొచ్చే పిల్లలుంటారు. రెండు వారాలు ఇలా రెండు పుస్తకాలూ తిప్పితే పిల్ల ఎటు మొగ్గుతుందో కొంతైనా కనిపిస్తుంది. అకౌంట్స్ విసుగనిపించిన పిల్లను లెక్కలంటే భయమని కామర్స్‌లో తోయడమూ తప్పే.

ఇంత చూశాకా సందేహం మిగిలితే, కోచింగ్ ఫీజు రెండేళ్లకు ఒకేసారి కట్టకండి. ఫస్ట్ పీయూ మొదటి వారాల్లో కాలేజీ ఒప్పుకుంటే గ్రూపు మారొచ్చు. ఆలస్యమైతే ఫస్ట్ పీయూ మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వస్తుంది. అందుకే మొదటి యూనిట్ టెస్ట్ పేపర్లు ఇంటికి తెప్పించుకుని పిల్లతో కలిసి చూడండి. మార్కులు తగ్గడం మామూలే, పదకొండులో దాదాపు అందరికీ తగ్గుతాయి. తెలిసిన పద్ధతిలో లెక్క మొదలుపెట్టి మధ్యలో తప్పు చేసిందా, అసలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాగితం ఖాళీగా వదిలేసిందా చూడాలి. మొదటిదైతే సాధనతో సర్దుకుంటుంది. ఫిజిక్స్‌లోనూ లెక్కల్లోనూ ఖాళీలే ఎక్కువుంటే, గ్రూపు మార్చడం గురించి ప్రిన్సిపల్‌తో ఆ వారంలోనే మాట్లాడాలి.