లెక్క తేలని బంగారాన్ని డిమాండ్ అనొచ్చా?

మూడు నెలలకోసారి వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ నివేదిక రావడం, మొదటి లైన్లో కనిపించిన అంకెను పట్టుకుని 'బంగారం డిమాండ్ పెరిగింది' అని హెడ్డింగ్ కొట్టేయడం ఓ తంతులా మారింది. ఆ పని మా డెస్క్ కూడా చేసింది కాబట్టి ఈ కోపంలో సగం మా మీదే. నివేదికలో ఏమీ దాచలేదు, అన్నీ పట్టికలోనే ఉన్నాయి. పట్టిక దాకా వెళ్లే ఓపిక మనకే లేదు.

2024 మొదటి త్రైమాసికాన్నే తీసుకోండి. కాగితం, పెన్ను చాలు. నగల తయారీకి 535 టన్నులు, కడ్డీలు నాణేలకు 312, ఎలక్ట్రానిక్స్ లాంటి టెక్నాలజీ అవసరాలకు 79, సెంట్రల్ బ్యాంకులకు 290. మదుపరుల తరఫున బంగారం కొనిపెట్టే ఫండ్లైన ఈటీఎఫ్‌ల నుంచి మాత్రం 114 టన్నులు బయటికి పోయాయి, కాబట్టి అది తీసేయాలి. మిగిలేది 1,102 టన్నులు, అంటే ఏడాది కిందటి కంటే 5 శాతం తక్కువ. (నగల దగ్గర 479 అని ఇంకో అంకె కూడా కనిపిస్తుంది. అది జనం కొన్నది. 535 తయారైంది. తేడా 56 టన్నులు వ్యాపారుల స్టాకులోకి చేరినట్టు. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే మొత్తం ఎప్పటికీ సరిపోదు.)

కానీ హెడ్డింగుల్లోకి ఎక్కింది 1,102 కాదు, 1,238. 3 శాతం పెరుగుదల, 2016 తర్వాత ఇంత బలమైన మొదటి త్రైమాసికం లేదు! మధ్యలో ఈ 136 టన్నులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? పట్టికలో 'ఓటీసీ, ఇతరాలు' అనే గడి నుంచి. ఓటీసీ అంటే ఎక్స్ఛేంజీతో పని లేకుండా నేరుగా జరిగే కొనుగోళ్లు, అమ్మకాలు. మరి ఆ గడిలోకి ఎలా వచ్చాయంటే, సరఫరా వైపు నుంచి. గనుల నుంచి 893 టన్నులు, పాత బంగారం కరిగించగా 351, రెండూ కలిపి 1,244. గని కంపెనీల ముందస్తు అమ్మకాల ఖాతాలో ఓ 6 టన్నులు తగ్గిస్తే 1,238. అందులోంచి లెక్క తేలిన 1,102 తీసేస్తే మిగిలింది 136. దాన్ని కొన్నవాళ్లను విడిగా ఎవరూ లెక్కపెట్టలేదు, అది తీసివేతలో మిగిలిన అంకె.

అంటే ఈ 'మొత్తం డిమాండ్' ఎప్పుడూ సరఫరాతో సమానంగానే ఉంటుంది, ఉండేలా లెక్క కట్టారు కాబట్టి. రేటు పెరిగిందని జనం పాత నగలు ఇంకో 50 టన్నులు అమ్మేసుకున్నారనుకోండి, మిగతా గడులేవీ కదలకపోతే ఆ 50 టన్నులూ ఈ మిగులు గడిలోకే వెళ్తాయి. జనం బంగారం వదిలించుకుంటుంటే మనం 'డిమాండ్ పెరిగింది' అని రాస్తాం. ఆ త్రైమాసికంలో పాత బంగారం రాక 12 శాతం పెరిగిందన్న సంగతి మాత్రం చాలామంది రాయలేదు.

ఓటీసీలో పెద్దవాళ్లు నిజంగానే కొంటారు, ఈటీఎఫ్‌లు అంతగా ఖాళీ అవుతున్నా ధర పెరిగిందంటే ఎవరో కొన్నట్టే కదా అనే వాదన ఉంది. కాదనం. అయితే ఆ గడిలో ఉన్నది ఒక్క కొనుగోళ్లే కాదు. ఎక్స్ఛేంజీల స్టాకుల్లో మార్పులు, కంటికి కనపడని తయారీదారుల నిల్వలు, చివరికి మిగతా గడుల్లో దొర్లిన తప్పులు, అన్నీ అక్కడికే చేరతాయి. ఎంత కొనుగోలో, ఎంత తప్పో విడదీసి చెప్పలేని అంకెను పట్టుకుని మదుపరులు ఎగబడ్డారని రాయడం ఏం న్యాయం?

సెంట్రల్ బ్యాంకుల గడి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అన్ని దేశాలూ తాము కొన్నదంతా ఐఎంఎఫ్‌కు చెప్పవు. అందుకే నివేదికలో ఆ అంకెలో కొంత బయటపడని కొనుగోళ్ల మీద వేసిన అంచనా. తర్వాతి త్రైమాసికాల్లో ఆ అంచనాను 20 టన్నులు పెంచారనుకుందాం. అప్పుడు మిగులు గడి సరిగ్గా 20 టన్నులు తగ్గుతుంది, మొత్తం మాత్రం చెక్కుచెదరదు. అంచనా తప్పితే కూడా కదలని ఆ మొత్తాన్నే మనం ప్రతిసారీ ముందు పేజీలో పెడుతున్నాం, సవరణ వచ్చిన రోజు మాత్రం ఒక్క లైను కూడా వేయం.

ఇంకో మాట. ఈ కౌన్సిల్ గని కంపెనీల డబ్బుతో నడిచే సంస్థ. అంకెలు వండుతోందని మేం అనడం లేదు, ఓటీసీతో ఎంత, ఓటీసీ లేకుండా ఎంత అన్నది అదే విడివిడిగా చెబుతోంది. రెండు అంకెలు ఇస్తే పెరిగినదాన్ని మాత్రమే ఏరుకున్నది మనం. కంపెనీల ప్రకటనల్లో ఇలాంటి పని కనిపిస్తే ఏకిపారేసే మనమే. ఇకపై మా డెస్క్‌కు వచ్చే బంగారం కాపీలో రెండు అంకెలూ పక్కపక్కన లేకపోతే, 'ఓటీసీ, ఇతరాలు' ఎన్ని టన్నులో రాయకపోతే, వెనక్కి పంపేస్తాం. డెడ్‌లైన్ దాటినా సరే.