ఖాళీ గడి పరాయి రాష్ట్రమా?

దుకాణం వరంగల్‌లో ఉంది. కొన్నవాడిదీ వరంగలే. సరుకు ఊరు దాటలేదు. బిల్లు మీద మాత్రం వేరే రాష్ట్రానికి అమ్మినట్టు 18 శాతం ఐజీఎస్టీ పడింది. ఎందుకని అడిగితే కౌంటర్‌లోని కుర్రాడు ‘సిస్టమ్ అలాగే తీసుకుంటోంది సార్’ అంటాడు. ఆ జవాబు ఇప్పుడు అకౌంటెంట్ల నోటా, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల నోటా వినిపిస్తోంది. పన్ను ఏదో తేల్చాల్సింది చట్టమా, సిస్టమా అన్నదే మా ప్రశ్న.

రాష్ట్రం లోపలి అమ్మకానికి కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్జీఎస్టీ చెరి సగం, రాష్ట్రం దాటితే ఐజీఎస్టీ. 2017 జులై 1 నుంచి ఉన్న ఈ సంగతి మళ్లీ విడమరచి చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది బిల్లింగ్ మాడ్యూల్ ఈ తేడాను ఎలా పట్టుకుంటోందన్నది. చాలా వాటిలో లెక్క చాలా మొరటుగా ఉంటుంది. అమ్మేవాడి రాష్ట్రానికి ఉన్న రెండంకెల కోడ్‌ను, కస్టమర్ల వివరాలు దాచే మాస్టర్‌లోని రాష్ట్రం కోడ్‌ను పోల్చి చూస్తుంది. రెండూ ఒకటైతే పన్నును సగం సగం చేస్తుంది, లేకపోతే ఐజీఎస్టీ వేసేస్తుంది. కస్టమర్ రాష్ట్రం కోడ్ గడిలో 29 అని ఉంటే కర్ణాటక కాబట్టి ఐజీఎస్టీ పడటం సబబే. కానీ ఆ గడిలో ఏమీ లేకపోయినా అదే ఐజీఎస్టీ. ‘తెలియదు’ అన్నదాన్ని ‘పరాయి రాష్ట్రం’ అని చదువుతోంది ఆ సాఫ్ట్‌వేర్.

చట్టం దీనికి సరిగ్గా ఎదురు దిశలో ఉంది. రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారుకు సరుకు అమ్మితే, బిల్లులో రాసిన చిరునామా ఏ రాష్ట్రంలో ఉంటే అదే సరఫరా స్థలం, అంటే పన్ను లెక్కకు సరుకు చేరినట్టు చూసే చోటు. చిరునామా రాయకపోతే అమ్మకందారు ఉన్న చోటే సరఫరా స్థలం. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 10(1)(సీఏ) చెప్పేది ఇదే. చిరునామా మొత్తం అక్కర్లేదు, బిల్లు మీద రాష్ట్రం పేరు ఒక్కటి రాసినా చాలంటుంది. సేవల విషయంలో సెక్షన్ 12 మొదటి నుంచీ ఇదే దారిలో నడుస్తోంది. పైగా రూ.50 వేల లోపు బిల్లుకు, రిజిస్ట్రేషన్ లేని కస్టమర్ తానై అడిగితే తప్ప పేరూ చిరునామా రాయాల్సిన పనే లేదని నిబంధన 46 చెబుతోంది. అంటే కౌంటర్ అమ్మకంలో ఆ గడి ఖాళీగా ఉండటం తప్పే కాదు. ఖాళీ అంటే సొంత రాష్ట్రమని చట్టం అంటోంది. కాదు, పరాయి రాష్ట్రమని సాఫ్ట్‌వేర్ అంటోంది. ఎవరి మాట చెల్లాలి?

ఖాళీ గడి ఒక రకం, తప్పు కోడ్ ఇంకో రకం. ఈ రెండో చిక్కు మన రెండు రాష్ట్రాలకూ మరీ ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కోడ్ 28. విభజన తర్వాత తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37 వచ్చాయి. పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి కస్టమర్ల జాబితాను ఎక్సెల్‌లో దించుకున్నప్పుడు 28 అలాగే మిగిలిపోతే, విజయవాడ దుకాణం గుంటూరు కస్టమర్‌కు అమ్మినా 37కు 28 సరిపోలదు. ఐజీఎస్టీ పడుతుంది. కరీంనగర్ కస్టమర్ పేరు ఎదుట ఎప్పుడో రాసిన ‘ఆంధ్రప్రదేశ్’ ఉండిపోతే హైదరాబాద్ వ్యాపారికీ అదే గతి. అంకెలు కాక అక్షరాలు పోల్చే మాడ్యూళ్లు ఇంకా ఘోరం. 2024లో తెలంగాణ సంక్షిప్త రూపం టీఎస్ నుంచి టీజీకి మారింది. కంపెనీ వివరాల్లో ఒకటి, కస్టమర్ వివరాల్లో ఇంకొకటి ఉంటే ఒకే రాష్ట్రం రెండు రాష్ట్రాలైపోతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక అక్షరం తేడా వచ్చినా అంతే.

మాస్టర్ సరిగ్గా నింపుకోవాల్సింది వ్యాపారేనని, ఎలా వేసినా మొత్తం పన్ను ఒకటేనని వాదించేవారున్నారు. నిజమే, రూ.40 వేల సరుకు మీద 18 శాతం రూ.7,200. ఐజీఎస్టీగా వేసినా, 3,600 చొప్పున రెండుగా విడదీసినా కస్టమర్ కట్టేది పైసా మారదు. నెలల తరబడి ఈ తప్పు ఎవరికీ కనిపించకపోవడానికి కారణమూ అదే. మొత్తం సరిపోయింది కాబట్టి క్యాష్ సరిపోతుంది, బ్యాంకు సరిపోతుంది, కొన్నవాడు గొడవ చేయడు. కానీ డబ్బు వేరే ఖాతాకు వెళ్లిపోయింది. ఐజీఎస్టీలో రాష్ట్రానికి చెందాల్సిన భాగం సరఫరా స్థలంగా చూపిన రాష్ట్రానికి చేరుతుంది. రిటర్నులో పొరుగు రాష్ట్రం కోడ్ పడితే ఇక్కడి ఖజానాకు రావాల్సింది అక్కడికి పోతుంది.

వ్యాపారి మీద పడే దెబ్బ ఎంతో లెక్క వేసి చూద్దాం. నెలకు రూ.10 లక్షల లోకల్ అమ్మకాలు ఖాళీ కోడ్ కస్టమర్ల పేరుతో జరిగాయనుకోండి. 18 శాతం లెక్కన రూ.1.80 లక్షలు ఐజీఎస్టీ కింద కట్టేశారు. ఆరు నెలలకు విషయం బయటపడింది. అప్పటికి కట్టిన ఐజీఎస్టీ రూ.10.80 లక్షలు. కట్టాల్సినవి సీజీఎస్టీ రూ.5.40 లక్షలు, ఎస్జీఎస్టీ రూ.5.40 లక్షలు. పొరపాటున అక్కడ కట్టాను, ఇక్కడికి మార్చేయండి అంటే కుదరదు. ముందు సరైన పద్దుల కింద రూ.10.80 లక్షలు మళ్లీ కట్టాలి. ఆ తర్వాత ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 19 కింద పాతది వాపసు అడగాలి. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 77 ప్రకారం ఇలా కట్టేదాని మీద వడ్డీ ఉండదు. ఆ మేరకు చట్టం దయ చూపింది. దానికి తోడు, తప్పును అధికారే పట్టుకోవాలని లేదు, వ్యాపారి తానే తెలుసుకున్నా వాపసు వర్తిస్తుందని 2021 సెప్టెంబర్ 25 నాటి సర్క్యులర్ తేల్చింది. గడువు, సరైన పన్ను కట్టిన తేదీ నుంచి రెండేళ్లు. దరఖాస్తు ఫారం ఆర్‌ఎఫ్‌డీ-01.

కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. అయితే వాపసు చేతికొచ్చేదాకా రెండుసార్లు కట్టిన పన్ను ఆ చిన్న దుకాణం పెట్టుబడిలోంచే కదా పోయేది! ఇందులో ఇంకో మెలిక ఉంది. క్రెడిట్ నోట్లు ఇచ్చి పాత పన్నును అప్పటికే సర్దుబాటు చేసుకున్నవారికి ఈ వాపసు వర్తించదని అదే సర్క్యులర్ చెప్పింది. ఆదరాబాదరాగా క్రెడిట్ నోట్లు కొట్టేసి, వాపసు దరఖాస్తూ పెట్టే వాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఏదో ఒక దారే పట్టాలి. ఆ నెల పన్ను కట్టే రిటర్ను 3బీ వేయకముందే తప్పు కనబడితే ఇంత తతంగం లేదు, అమ్మకాల రిటర్నును సవరించే జీఎస్టీఆర్-1ఏలో దిద్దుకోవచ్చు. ఆలస్యమయ్యే కొద్దీ మెడకు చుట్టుకుంటుంది.

కనిపెట్టడం కష్టమా అంటే కాదు. అమ్మినవాడూ కొన్నవాడూ రిజిస్టర్ అయినవాళ్లైతే ఇద్దరి జీఎస్టీ నంబర్లలో మొదటి రెండు అంకెలు చూస్తే చాలు. 15 అక్షరాల నంబర్‌లో ఆ రెండూ రాష్ట్రం కోడే. రెండూ 36 అయి ఉండి బిల్లులో ఐజీఎస్టీ ఉంటే ఆగి చూడాలి. రిజిస్ట్రేషన్ లేని కస్టమర్ల సంగతి, వాళ్లకు బయటి రాష్ట్రాల్లో జరిగిన అమ్మకాలు చూపే జీఎస్టీఆర్-1లోని 7బీ పట్టిక చెబుతుంది. బయటి రాష్ట్రానికి ఒక్క వస్తువూ అమ్మని దుకాణం రిటర్నులో ఆ పట్టిక నిండి ఉంటే ఇంకేం సాక్ష్యం కావాలి? అలాగని ఐజీఎస్టీ పడిన ప్రతి లోకల్ డెలివరీ తప్పనీ కాదు. బెంగళూరు సంస్థ ఆర్డర్ ఇచ్చి, సరుకును హైదరాబాద్‌లో ఇంకొకరికి అందజేయమంటే సరఫరా స్థలం కర్ణాటకే అవుతుంది. సెజ్‌కు అమ్మినా ఐజీఎస్టీయే. అందుకే కోడ్ పోలిక ఒక పరీక్ష మాత్రమే కావాలి, తీర్పు కాకూడదు. మన సాఫ్ట్‌వేర్లు దాన్ని తీర్పు చేసి కూర్చున్నాయి.

మా ఆందోళన ఈ ఒక్క గడి గురించి కాదు, ఇది పెడుతున్న ఆనవాయితీ గురించి. ఖాళీకి చట్టం ఒక అర్థం ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ రాసినవాడు దాన్ని తీసేసి ఇంకో అర్థం పెట్టాడు, ఎవరినీ అడగలేదు, ఎక్కడా రాయలేదు. ఇవాళ ఖాళీని పరాయి రాష్ట్రం అన్నది రేపు సరుకు ఏ రకమో చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఖాళీగా ఉంటే 18 శాతం అనేస్తుంది, కస్టమర్ జీఎస్టీ నంబర్ ఖాళీగా ఉంటే రిజిస్టర్ కానివాడు అనేస్తుంది. పన్ను రేటూ, పన్ను రకమూ చట్టసభల్లో తేలాలా, డిఫాల్ట్ సెట్టింగుల్లో తేలాలా? వ్యాపారి తప్పు చేస్తే నోటీసు వస్తుంది. సాఫ్ట్‌వేర్ తప్పు చేసినా నోటీసు వ్యాపారికే వస్తుంది. లైసెన్సు డబ్బులు తీసుకున్నవాడికి మాత్రం ఏమీ రాదు. అందుకే వాడికి తొందర లేదు.

చేయాల్సింది కొండంత పనేం కాదు. రిజిస్టర్ అయిన కస్టమర్ రాష్ట్రం కోడ్ అతని జీఎస్టీ నంబర్ మొదటి రెండు అంకెలకు సరిపోలకపోతే బిల్లు ఆగిపోవాలి. రిజిస్ట్రేషన్ లేని కౌంటర్ కస్టమర్ గడి ఖాళీగా ఉంటే చట్టం చెప్పినట్టు సొంత రాష్ట్రం పన్ను పడాలి. 28 కోడ్ కొత్త ఎంట్రీలకు కనిపించనే కూడదు. రాష్ట్రం పేరు టైపు చేసేదిగా కాక జాబితాలోంచి ఎంచుకునేదిగా ఉండాలి. ఇవేవీ చేయకుండా ‘మీ మాస్టర్ సరిచేసుకోండి’ అని ఫోన్ పెట్టేసే సపోర్ట్ సెంటర్లకు ఏటా రెన్యువల్ ఫీజు ఎందుకు కట్టాలో ఆ కంపెనీలే చెప్పాలి.

అకౌంటెంట్లనూ వదలలేం. సెజ్ లాంటి అమ్మకం కాకపోయినా, అమ్మకందారు కోడే సరఫరా స్థలంగా ఉండి పన్ను ఐజీఎస్టీ అయితే లెక్క పొసగదు. బిల్లులను నమోదు చేసే ఇ-ఇన్‌వాయిస్ పోర్టల్ అలాంటి బిల్లును తిప్పి పంపుతుంది. అప్పుడు చేయాల్సింది పన్ను సరిచేయడం. సరఫరా స్థలాన్ని 97కో, పొరుగు రాష్ట్రానికో మార్చేసి దాటించడం కాదు. 97 అంటే ‘అదర్ టెరిటరీ’, ఏ రాష్ట్రానికీ చెందని ప్రాంతం. వరంగల్ దుకాణం అక్కడ ఎవరికి అమ్మిందో అధికారి అడిగిన రోజున ‘సిస్టమ్ అలాగే తీసుకుంది’ అంటే వినేవారు ఉండరు. పొరపాటున పడిన ఐజీఎస్టీకి చట్టంలో వడ్డీ మినహాయింపూ, వాపసూ ఉన్నాయి. తెలిసి రాసిన తప్పుడు రాష్ట్రానికి అదే ఆదరణ దొరుకుతుందని ఏ అకౌంటెంటూ అనుకోవద్దు. గంట పని తప్పించుకోవడానికి క్లయింటు రిటర్నులో అబద్ధం రాయడానికి ఫీజు తీసుకుంటున్నామని ముందు వాళ్లు ఒప్పుకోవాలి.