క్యాన్‌కు నాలుగు రూపాయల పన్ను: గుత్తదారు నిజంగా సగమే మోస్తాడా?

పన్నుల గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది. పదిమంది పోటీపడి అమ్మే సరుకు మీద పన్ను వేస్తే అదంతా కొనేవాళ్ల మీదే పడుతుంది. ఒక్కడే అమ్మే చోట వేస్తే వాడే సగం భరిస్తాడు. కాబట్టి గుత్తదారు మీద పన్ను వేయడం జనానికి మేలు అంటారు. ధర ఎంత పెరుగుతుందన్న లెక్క వరకు ఈ మాటలో కొంత నిజం ఉంది. దాని నుంచి తీసే ముగింపు మాత్రం తప్పు. ఎక్కడ తప్పో చూడాలంటే ఒక చిన్న లెక్క చివరిదాకా వేయాలి.

హన్మకొండలో ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ల వ్యాపారం తీసుకుందాం. అంకెలు నేను లెక్క కోసం అనుకున్నవే. ఒక కాలనీకి నాలుగైదు ఆర్వో ప్లాంట్ల నుంచి ట్రాలీ ఆటోలు వస్తాయి. ఒక క్యాన్ నింపి ఇంటి దాకా చేర్చడానికి ప్లాంటు ఓనరు కూలి, అతని పెట్టుబడికి రావాల్సిన మామూలు రాబడితో కలిపి 10 రూపాయలు ఖర్చవుతుంది. ఎన్ని క్యాన్లు నింపినా ఈ ఖర్చు మారదు. పోటీ ఉంది కాబట్టి ధర కూడా 10 దగ్గరే నిలుస్తుంది. ఆ ధరకు కాలనీలో రోజుకు 750 క్యాన్లు పోతాయి. ధర రూపాయి పెరిగిన కొద్దీ 25 క్యాన్లు తగ్గుతాయి. కొందరు ఇంట్లో ఫిల్టరు పెట్టుకుంటారు, కొందరు కాచుకుని తాగుతారు.

ఇప్పుడు క్యాన్‌కు 4 రూపాయల పన్ను పడిందనుకోండి. ఓనర్ల దగ్గర తగ్గించుకోవడానికి అదనపు లాభమేమీ లేదు. ధర 14 అవుతుంది, అమ్మకం 650కి దిగుతుంది. ప్రభుత్వానికి రోజుకు 2,600 రూపాయలు వస్తాయి. జనం నష్టం అంతకంటే కొంచెం ఎక్కువ, 2,800. ఎందుకంటే క్యాన్ కొనడం మానేసిన వాళ్లకు కూడా ఒక నష్టం ఉంటుంది, అది ఖజానాకు చేరదు. ఆ తేడా 200 రూపాయలు.

ఇదే సరుకును ఊరికి దూరంగా ఉన్న ఒక వెంచర్‌కు తీసుకెళ్దాం. అంతే మంది జనం, అదే 10 రూపాయల ఖర్చు. కానీ అక్కడున్నది ఒకే ప్లాంటు. ఆ ఓనరు క్యాన్ 25 రూపాయలకు అమ్ముతాడు, 375 క్యాన్లు పోతాయి, ఖర్చు పోను రోజుకు 5,625 మిగులుతుంది. 26 ఎందుకు పెట్టడు? పెడితే మిగిలిన 350 క్యాన్ల మీద 350 రూపాయలు అదనంగా వస్తాయి. కానీ 25 క్యాన్లు పోతాయి, ఒక్కోదాని మీద 15 లాభం ఉంది కాబట్టి 375 పోతాయి. గిట్టదు. అందుకే 25 దగ్గర ఆగాడు.

పన్ను పడగానే ఈ తూకం మారుతుంది. పోగొట్టుకునే ఒక్కో క్యాన్ మీద లాభం ఇప్పుడు 11 రూపాయలే, అంటే 26 పెడితే పోయేది 275, వచ్చేది 350. గిట్టింది. 27 పెడితే పోయేది 300, వచ్చేది 325. అదీ గిట్టింది. 28కి వెళ్తే పోయేది 325, వచ్చేది 300. అక్కడ ఆగుతాడు. పన్ను 4 రూపాయలైతే ధర పెరిగింది 2 రూపాయలే. చాలామంది వాదన సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది.

ఓనరు పుస్తకంలోకి చూస్తే కథ వేరుగా ఉంటుంది. క్యాన్‌కు మిగిలేది 13, అమ్మేది 325, మొత్తం 4,225. అంటే అతని లాభం 1,400 తగ్గింది. ప్రభుత్వానికి వచ్చిన పన్ను మాత్రం 1,300. ఖజానాకు చేరిన పన్ను కంటే అతనొక్కడికే ఎక్కువ పోయింది. మరి జనం? వాళ్లకు 700 రూపాయల నష్టం. ఖజానాకు 1,300 చేరడానికి ఇద్దరి దగ్గరా కలిపి 2,100 పోయింది. సగం సగం పంచుకోవడం అంటే ఇది కాదు. ఓనరు మొత్తం మోశాడు, దానికి పైన జనం ఇంకో సగం మోశారు.

అసలు ధర పెంచి అతను సాధించింది ఎంతో చూస్తే బాధ కలుగుతుంది. ధర 25 దగ్గరే ఉంచి పన్ను తన జేబులోంచి కట్టి ఉంటే అతనికి 4,125 మిగిలేది. 27 పెట్టినందుకు 4,225 మిగిలింది. కలిసొచ్చింది వంద రూపాయలు. ఆ వంద కోసం జనానికి 700 నష్టం, ప్రభుత్వానికి వచ్చే పన్నులో 200 కోత. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, తన లెక్క ప్రకారం అతను చేయాల్సిందే చేశాడు. గుత్తదారు ముందే తనకు బాగా గిట్టే చోట ధర పెట్టుకుని ఉంటాడు కాబట్టి దాన్ని అటూ ఇటూ కదిపితే అతనికి పెద్దగా ఒరిగేది ఉండదు. కదిలిన ధర వల్ల నష్టపోయేది మిగతావాళ్లు.

ఏ లెక్కలోకీ చేరని 800 రూపాయలు ఎక్కడికి పోయాయి? వెంచర్‌లో తగ్గింది 50 క్యాన్లే, కాలనీలో తగ్గిన వంద కంటే తక్కువ. కానీ కాలనీలో తగ్గిన క్యాన్లు జనం 10 నుంచి 14 రూపాయల విలువ ఇచ్చేవి, తయారీకి 10 అయ్యేవి. వాటితో పోయింది ఒక్కోదానికి సగటున 2 రూపాయలు. వెంచర్‌లో తగ్గినవి జనం 25 నుంచి 27 విలువ ఇచ్చేవి, తయారీకి అదే 10. ఒక్కోదానికి సగటున 16 పోయింది. గుత్త వ్యాపారంలో సరుకు ముందే ఉండాల్సిన దానికంటే తక్కువగా తయారవుతుంది, పన్ను దాన్ని ఇంకా తగ్గిస్తుంది. పన్ను వేసిన చోటల్లా కొంత వృథా తప్పదు. కానీ అదే పన్నుకు ఇక్కడి వృథా నాలుగు రెట్లు.

ధర సగమే పెరిగింది కాబట్టి అక్కడ గుత్త ఉందని తేల్చడం కూడా కుదరదు. పోటీ మార్కెట్లోనూ సగం పెరగవచ్చు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతును చూడండి. పంట కోసేశాడు, బస్తాలు యార్డులో ఉన్నాయి. ఆ రోజు క్వింటాలుకు ఇంత అని పన్ను పడితే చాలా భాగం రైతు మీదే పడుతుంది, ఎందుకంటే సరుకు తగ్గించుకునే వీలు అతనికి లేదు. కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగగలిగితే కొంత కొనేవాళ్ల వైపు జరుగుతుంది. వచ్చే ఏడాది ఆ పంటే మానుకుంటే ఇంకొంత జరుగుతుంది. కానీ చిన్న పన్ను అయితే రైతు వాటా, కొనేవాడి వాటా కలిపితే దాదాపు పన్నుకు సమానం అవుతాయి. గుత్తలో కలిపితే పన్నును దాటిపోతాయి. అసలు తేడా ఇక్కడ ఉంది, ధర ఎంత పెరిగిందన్న దగ్గర కాదు. ఆర్థికవేత్తలు గ్లెన్ వెయిల్, మిఖాల్ ఫాబింగర్ 2013లో ఈ సూత్రాన్ని సాధారణ రూపంలో పెట్టారు.

ఆ సగం అన్న అంకె కూడా నమ్మదగింది కాదు. రూపాయికి 25 క్యాన్ల చొప్పున గిరాకీ తిన్నగా తగ్గుతుందని మనం అనుకున్నాం కాబట్టి వచ్చింది. ధర ఒక శాతం పెరిగినప్పుడల్లా గిరాకీ రెండు శాతం తగ్గే సరుకైతే గుత్తదారు ఖర్చుకు రెట్టింపు ధర పెడతాడు. ఖర్చు 10 ఉన్నప్పుడు 20, పన్నుతో 14 అయినప్పుడు 28. పన్ను 4, పెరుగుదల 8. గుత్తదారు ధర పన్ను కంటే తక్కువా పెరగవచ్చు, ఎక్కువా పెరగవచ్చు అని ఫ్రెంచి గణితవేత్త కూర్నో 1838లోనే చూపించాడు. అయినా పాఠ్యపుస్తకాల్లోని తిన్నటి గీత మన బుర్రల్లో సూత్రంలా స్థిరపడిపోయింది.

ఇంకో మెలిక ఉంది, మన దగ్గర ఇదే ఎక్కువగా కనిపిస్తుందని నా అభిప్రాయం. వెంచర్ ఓనరు 25 పెడితే హన్మకొండ నుంచి ఎవరో ఆటోలో క్యాన్లు తెచ్చి అమ్మడం మొదలుపెడతారు. వాళ్లకు తయారీ 10, రవాణా 12, మొత్తం 22 పడుతుంది. అందుకని ఓనరు 22 దాటడు. పన్ను బయటి నుంచి వచ్చే క్యాన్ మీద కూడా పడితే వాళ్ల ఖర్చు 26 అవుతుంది, ఓనరు కూడా నిశ్చింతగా 26 పెడతాడు. పన్ను మొత్తం ధరలోకి వచ్చేసింది, క్యాన్ మీద అతని మార్జిన్ 12 రూపాయలు చెక్కుచెదరలేదు. అమ్మకం 450 నుంచి 350కి తగ్గినందువల్లే అతనికి నష్టం. బయటి నుంచి చూసేవాడికి ఇది అచ్చం పోటీ మార్కెట్‌లా ఉంటుంది. తేడా కనిపెట్టాలంటే ధర పెరుగుదల కాకుండా ధరకూ ఖర్చుకూ మధ్య ఎంత దూరం ఉందో అడగాలి.

సింగరేణి బొగ్గును మాత్రం ఈ లెక్కలో ఇరికించకూడదు. టన్నుకు ఇంత అని వేసిన పన్నుకు అది మంచి ఉదాహరణే. 2010లో 50 రూపాయలతో మొదలైన కేంద్ర సెస్సు 2016కల్లా 400 అయింది. 2017లో జీఎస్టీ పరిహార సెస్సుగా మారి, 2025 సెప్టెంబరు 22 నుంచి రద్దయింది. దాని బదులు జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. కానీ సింగరేణి ఒక ప్రభుత్వ సంస్థ, దాని ధర ప్రకటించిన ధర. వెంచర్ ఓనరులా రూపాయి రూపాయి పెంచి గిట్టే చోటు వెతుక్కునే పద్ధతి కాదు. సెస్సు ఉన్నన్నాళ్లూ అది బొగ్గు బిల్లులో విడిగా పడి, విద్యుత్ కేంద్రం ఇంధన ఖర్చులో కలిసి, డిస్కమ్‌కు చేరేది. అక్కడి నుంచి వినియోగదారుడికా, రాష్ట్ర సబ్సిడీకా అన్నది టారిఫ్ నిర్ణయం.

మరి వెంచర్‌లో ప్రభుత్వానికి ఆదాయం కావాలంటే ఏం చేయాలి? క్యాన్ల లెక్క వదిలేసి, ఎన్ని అమ్మినా అమ్మకపోయినా రోజుకు 1,300 రూపాయల చొప్పున లైసెన్సు రుసుం పెట్టవచ్చు. క్యాన్ తగ్గినా పెరిగినా రుసుం మారదు కాబట్టి ఓనరుకు 25 దగ్గరే గిట్టుతుంది, ధర కదలదు. జనానికి పైసా నష్టం లేదు. ఖజానాకు అంతే డబ్బు వస్తుంది. ఓనరుకు పోయేది కూడా 1,400 కాదు, 1,300. అతను కూడా దీన్నే కోరుకుంటాడు. అయితే ఈ రుసుం హన్మకొండ కాలనీలో పనికిరాదు. అక్కడి ఓనర్లకు అదనపు లాభం లేదు కాబట్టి రుసుం కట్టలేని ప్లాంట్లు మూతపడతాయి, మిగిలినవాడు గుత్తదారు అవుతాడు. వెంచర్‌లో కూడా రుసుం 25 రూపాయల ధరను తగ్గించదు, ఉన్నచోట ఉంచుతుందంతే. దాన్ని తగ్గించాలంటే రెండో ప్లాంటుకు అనుమతి లాంటి పోటీ రావాలి. అది వచ్చిన రోజు నుంచి ఆ రుసుం కట్టే లాభం కరగడం మొదలవుతుంది కాబట్టి అప్పుడు రుసుం లెక్క కూడా మళ్లీ వేసుకోవాలి.