పసివాడి గుజ్జుకు కూర ఉడికితే చాలదు, చల్లారాలి కూడా

ఆరు నెలలు నిండిన బిడ్డకు కూరగాయల గుజ్జు మొదలుపెట్టే ఇళ్లలో మొదట వినిపించే ప్రశ్న 'ఎన్ని నిమిషాలు ఉడికించాలి?' నిజానికి నిమిషాల కన్నా ముందు చూడాల్సింది ముక్క సైజు. క్యారెట్‌ను అంగుళం ముక్కలుగా కోస్తే పైన మెత్తబడినా మధ్యలోని గట్టి ఈనె పలుకుగానే ఉంటుంది. అదే అర అంగుళానికి తగ్గిస్తే ఇడ్లీ పాత్రలో 12 నుంచి 15 నిమిషాల్లో మెత్తబడుతుంది.

లెక్క పొయ్యి వెలిగించినప్పటి నుంచి కాదు, మూత సందుల్లోంచి ఆవిరి గట్టిగా తన్నుకొచ్చినప్పటి నుంచి. ఈ సైజు ముక్కల్లో ఆనపకాయ, తీపి గుమ్మడి 8 నుంచి 10 నిమిషాల్లో అయిపోతాయి. చిలగడదుంప, బంగాళదుంప 12 నుంచి 15 తీసుకుంటాయి. బీట్‌రూట్ మొండిది, 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. అంతసేపట్లో అడుగు నీళ్లు ఇంకిపోతే మరిగే నీళ్లే పొయ్యాలి. చల్లటివి పోస్తే ఆవిరి ఆగి లెక్క తప్పుతుంది.

గడియారం చెప్పినా వేలు ఒప్పుకోవాలి. అన్నిటికన్నా పెద్ద ముక్క తీసి, కాస్త ఆరాక బొటనవేలు, చూపుడువేలి మధ్య నొక్కండి. పలుకు తగలకుండా నలిగితేనే దించాలి. బంగాళదుంపను మాత్రం మిక్సీలో వేయొద్దు. పిండిపదార్థం చితికి జిగురులా సాగుతుంది, గరిటెతోనో జల్లెడ మీదో మెదిపితే చాలు.

అసలు పొరపాటు దించాకే. గుజ్జు చిక్కగా ఉంటుంది కాబట్టి లోతైన గిన్నెలో మూత పెట్టి వదిలేస్తే పైన చల్లారినా నడుమ గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించకూడదన్నది సాధారణ నియమం, 32 డిగ్రీలు దాటిన వేడిలో అది గంటే. మే నెల విశాఖలో గంట లెక్కే పెట్టుకోవాలి. పైగా సముద్రపు తేమగాలి వల్ల తడి త్వరగా ఆరదు, ఫ్యాను కింద పెట్టినా అనుకున్నంత చల్లారదు.

అందుకే వంద గ్రాముల క్యారెట్ గుజ్జును వెడల్పాటి స్టీలు పళ్లెంలో అర అంగుళం మందాన పరచి, ఐసు నీళ్ల బేసిన్‌లో ఆనించి కలుపుతూ ఉండండి. నీళ్లు పళ్లెంలోకి రాకుండా చూసుకోవాలి. ఇప్పుడు తినే రెండు చెంచాలు గోరువెచ్చగా ఉండగానే వేరే గిన్నెలోకి తీసి, మిగతాది పూర్తిగా చల్లార్చి మూతగిన్నెలో ఫ్రిజ్‌కు చేర్చాలి. 24 గంటల్లో వాడేయాలి. మళ్లీ పెట్టేటప్పుడు పొగలు వచ్చేదాకా ఒక్కసారే వేడి చేసి, బాగా కలిపి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకోండి. బిడ్డ నోటి చెంచా తగిలిన గిన్నెలోది మిగిలితే పారబోయడమే. అందులో చేరిన లాలాజలంతో ఫ్రిజ్‌లో పెట్టినా పాడవుతుంది.

బీట్‌రూట్, పాలకూర దాచొద్దు. వాటిలో నైట్రేట్లు ఎక్కువ, నిలవుంటే పసివాళ్లకు హాని చేసే నైట్రైట్లుగా మారతాయి. అవి ఏ పూటకు ఆ పూటే.